పల్లె బడి వార్షికోత్సవంలో హెడ్మాస్టరు కృతజ్ఞతా ప్రసంగం: దాతల జాబితా దగ్గర్నుంచి మైకు దాకా

సంక్రాంతి దాటిందంటే చాలు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి, పళ్ళిపట్టు వైపు తెలుగు బళ్ళలో పనిచేసే హెడ్మాస్టర్లు ఫోన్లు చేస్తుంటారు. అడిగేది దాదాపు ఒకటే. "సార్, వార్షికోత్సవంలో దాతలకూ తల్లిదండ్రులకూ థ్యాంక్స్ ఎలా చెప్పాలి? పోయినేడు ఒక పేరు జారిపోయింది. ఆయన ఈ ఏడు రానంటున్నాడు."

ప్రసంగం ఎలా రాయాలన్నది వాళ్ళ ప్రశ్న. అసలు చిక్కు మాత్రం రాతలో ఉండదు. ఎవరు ఏమిచ్చారో లెక్క సరిగా లేకపోవడం, ఆ పేర్లను ఏ వరుసలో చెప్పాలో తేల్చుకోకపోవడం, ఇచ్చినదాని వల్ల బడిలో ఏం మారిందో గమనించకపోవడం, ఇవీ చిక్కులు. ఈ మూడూ ముందే సరిచేసుకుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. అందుకే ఇక్కడ సగానికి పైగా తయారీ గురించే చెబుతున్నాను. ఉదాహరణలన్నీ చెన్నై చుట్టుపక్కల తెలుగు పల్లె బడికి సరిపోయేవి.

## 1. ముందు మీ వంతు ఎక్కడుందో చూడండి

మన దగ్గర కార్యక్రమం ఎలా సాగుతుందో మీకు తెలుసు. మొదట తమిళ్ తాయ్ వాళ్త్తు, స్వాగతం, వార్షిక నివేదిక, అతిథుల మాటలు, బహుమతులు, పిల్లల డాన్సులు, చిట్టచివర నండ్రియురై, ఆ వెంటనే జనగణమన. కృతజ్ఞతలన్నీ ఆ చివరి అంశంలో కుక్కేస్తాం.

ఆ వేళకి రాత్రి తొమ్మిదవుతుంది. తమ పిల్ల డాన్సు అయిపోయిన తల్లి నిద్రపోతున్న చిన్నోణ్ణి భుజాన వేసుకుని గేటు దగ్గరుంటుంది. చెన్నై నుంచి వచ్చిన దాతలు తిరుగు ప్రయాణం తలచుకుని వాచీ చూసుకుంటుంటారు. మీరు ఎంత చక్కగా మాట్లాడినా వినేది కుర్చీలే.

కాబట్టి కృతజ్ఞతను రెండు ముక్కలు చేయండి. దాతలకూ తల్లిదండ్రులకూ మీరు చెప్పే అసలు ప్రసంగాన్ని రెండో డాన్సుకూ మూడో డాన్సుకూ మధ్య పెట్టండి. అప్పటికి జనం నిండుగా ఉంటారు, తమ పిల్లల వంతు ఇంకా రానివాళ్ళు కదలరు. లోపల పిల్లలకు డ్రెస్ మార్చడానికి ఎటూ ఐదు నిమిషాలు కావాలి. చివర్లో అతిథులకూ అధికారులకూ చెప్పే లాంఛనపు నండ్రియురై రెండు నిమిషాల్లో ఇంకో టీచరు ముగిస్తారు.

వార్షిక నివేదిక కూడా మీరే చదువుతారు కదా. దాన్నీ దీన్నీ కలపకండి. నివేదిక అంకెల వ్యవహారం, ఇది మనుషుల వ్యవహారం. కలిపితే దాతల పేర్లు హాజరు శాతాల మధ్య నలిగిపోతాయి.

ప్రసంగం ఐదు నిమిషాలు దాటకూడదు. స్టేజీ మీద నింపాదిగా చదివితే నిమిషానికి సుమారు 80 నుంచి 100 మాటలు పడతాయి. అంటే చేతిరాతలో ఫుల్‌స్కేప్ కాగితం రెండు వైపులా.

## 2. జాబితాను జ్ఞాపకంతో రాయకండి

పేరు జారిపోవడానికి కారణం మతిమరుపు కాదు. జాబితాను ముందు రోజు రాత్రి టీచర్లంతా కూర్చుని "ఇంకెవరున్నారబ్బా" అనుకుంటూ రాయడం. పది రోజుల ముందే మొదలుపెట్టండి, ఈ అయిదు చోట్లా వెతకండి.

- స్టాక్ రిజిస్టర్: బెంచీలు, ఫ్యాన్లు, బీరువా లాంటి వస్తువులు
- ఎస్‌ఎంసీ సమావేశాల మినిట్స్ పుస్తకం: "ఇస్తామని" అన్నవి, ఇచ్చినవి
- బడి బ్యాంకు పాస్‌బుక్: ఎవరు వేశారో తెలియని మొత్తాలు కూడా
- పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు: పోయిన జూన్ దాకా వెనక్కి వెళ్ళి చూడండి
- మధ్యాహ్న భోజనం వండే ఆమె, బడి ఊడ్చే ఆమె, ఎదురింటి వాళ్ళు

ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. రిజిస్టరుకెక్కని సాయమంతా వాళ్ళకే తెలుసు. మోటారు చెడితే డబ్బు పుచ్చుకోకుండా బాగుచేసిన మెకానిక్కు, వర్షానికి గ్రౌండు గుంటలు పడితే రెండు లోడ్ల మట్టి తోలిన ట్రాక్టరు ఆయన, పండక్కి పిల్లలందరికీ అరటిపళ్ళు పంపిన ముసలమ్మ. ఇలాంటివాళ్ళు తమ పేరు చదవమని ఏనాడూ అడగరు. చదవకపోతే మాత్రం ఊరంతా గమనిస్తుంది.

ప్రభుత్వ పథకం ద్వారా వచ్చిన సాయాన్ని విడిగా గుర్తు పెట్టుకోండి. 2022 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన 'నమ్మ స్కూల్ నమ్మ ఊరు పళ్ళి' ద్వారా ఎవరైనా మీ బడికి ఇచ్చి ఉంటే, ఆ సంగతి పథకం పేరుతో సహా చెప్పాలి. అక్కడ ఇచ్చిన దాతను మీరు స్వయంగా కలిసి ఉండకపోవచ్చు. అందుకే ఆ పేరు తరచూ జాబితాలోకి రాదు.

కాగితం మీద నాలుగు గడులు గీయండి. పేరు, ఇచ్చింది, ఎప్పుడు, ఇప్పుడు అది ఎక్కడుంది. నాలుగో గడి నింపడానికి మీరు లేచి వెళ్ళి ఆ వస్తువును చూడాలి. ఇచ్చిన ఫ్యాను తిరగడం లేదని స్టేజీ ఎక్కాక తెలిస్తే ఎంత ఇబ్బందో ఆలోచించండి. దాత కార్యక్రమానికి ముందు తన ఫ్యాను చూసుకోవడానికి ఆ గదికి తప్పకుండా వెళతాడు. పాడైతే ఈ పది రోజుల్లో బాగుచేయించండి.

జాబితా అయ్యాక వారం ముందు ఎస్‌ఎంసీలో గట్టిగా చదివి వినిపించండి. "ఇందులో లేనివాళ్ళెవరు?" అని అడగండి. కనీసం ఒక పేరు దొరుకుతుంది. పేరు చెప్పొద్దన్న దాతలు ఉంటే ఇక్కడే కొట్టేసి, "పేరు చెప్పొద్దన్న ఒక పాత విద్యార్థి" అని రాసుకోండి. వాళ్ళను స్టేజీ మీద పొగిడి ఆశ్చర్యపరచాలని చూడకండి. వద్దన్నారంటే వాళ్ళకేదో కారణం ఉంటుంది.

## 3. పేర్లు: ఎలా రాయాలి, ఎలా పిలవాలి

తమిళనాడులో మన పేర్లు రెండు రకాలుగా ఉంటాయి. ఆధార్‌లో ఇనీషియల్‌తో ఉండే పేరు ఒకటి, ఊళ్ళో పిలిచే పేరు ఇంకొకటి. ఏది చదవాలో దాతనే అడగండి. ఒక మెసేజ్ చాలు: "సార్, స్టేజీ మీద మీ పేరు ఎలా చదవమంటారు?" తల్లి జ్ఞాపకంగానో నాన్న జ్ఞాపకంగానో ఇచ్చి ఉంటే ఆ పెద్దవాళ్ళ పేరే ముందు చదవాలి, ఇచ్చినవారి పేరు తర్వాత. చాలామంది ఇచ్చేది ఆ ఒక్క పేరు వినడానికే.

తమిళం పేర్లను తెలుగు లిపిలో మీకు పలకడానికి వీలుగా రాసుకోండి. ఇంగ్లీషులో రాసుకుంటే మైకు దగ్గర తప్పు పలుకుతారు.

ఇప్పుడు కొంచెం కటువైన సంగతి. మన పల్లెల్లో ఒకరిని నాయుడు గారనీ, రెడ్డియార్ అనీ, చెట్టియార్ అనీ కులం పేరుతోనే పిలుస్తాం. కాలనీ నుంచి వచ్చిన సాయాన్ని చదివేటప్పుడు వట్టి పేరు, ఒక్కోసారి పేరు కూడా లేకుండా "కాలనీవాళ్ళు". ఈ తేడా చదివేవాడికి తెలియదు, వినేవాడికి మాత్రం చెంపదెబ్బలా తగులుతుంది. జాబితాలో ప్రతి పేరుకూ సొంత పేరు రాసి, చివర 'గారు' చేర్చండి. కంపెనీ మేనేజరుకూ గారు, మట్టి మోసినామెకూ గారు. మొత్తం ఒకసారి చదువుకుని, ఎక్కడైనా గారు తప్పిపోయిందేమో చూడండి.

## 4. వరుస: డబ్బు పెద్దదని ముందు పెట్టొద్దు

పెద్ద మొత్తంతో మొదలుపెట్టి చిన్న మొత్తం దాకా చదివితే జనం వింటున్నది వేలంపాటలా ఉంటుంది. చివర పేరు వచ్చినవాడు వచ్చే ఏడాది ఇవ్వడు. మొదటి పేరు వచ్చినవాడికి కూడా అంత సుఖంగా ఉండదు, ఊరి కళ్ళన్నీ అతని మీదే.

నేను చెప్పే వరుస వేరు. పిల్లవాడు పొద్దున బడిలోకి అడుగు పెట్టిన దగ్గర్నుంచి సాయంత్రం వెళ్ళేదాకా ఏమేం తాకుతాడో ఆ వరుసలో చదవండి. గేటు, గ్రౌండు, తరగతి గది, బెంచీ, నోటుపుస్తకం, మంచినీళ్ళు, భోజనం. ఈ వరుసలో ఎవరి మొత్తం ఎంతో బయటపడదు. వింటున్న తల్లిదండ్రుల కళ్ళకు బడి కనిపిస్తుంది. పైగా మీకూ గుర్తుంటుంది, కాగితం కొట్టుకుపోయినా చెప్పగలరు.

రూపాయల అంకెలు మైకులో చదవకండి. అవి గేటు దగ్గర బోర్డు మీద ఉండొచ్చు, బిల్లుల ఫైలులో తప్పకుండా ఉండాలి. కంపెనీవాళ్ళు తమ మొత్తం చెప్పమని పట్టుబడితే బ్యానరు మీద రాయించి మీ ప్రసంగం నుంచి తప్పించుకోండి.

అతిథులుగా వచ్చిన బీఈఓనూ పంచాయతీ పెద్దలనూ ఈ వరుసలో ఇరికించొద్దు. వాళ్ళ మర్యాద స్వాగతంలోనూ చివరి నండ్రియురైలోనూ జరుగుతుంది. అయితే వాళ్ళలో ఎవరైనా సొంతంగా ఇచ్చి ఉంటే ఆ వస్తువు వచ్చినచోట వాళ్ళ పేరు వస్తుంది.

## 5. ఒక్కో దాతకు రెండు వాక్యాలు

మొదటి వాక్యంలో ఇచ్చినవారి పేరు, ఇచ్చిన వస్తువు. రెండో వాక్యంలో దానివల్ల బడిలో మీరు కళ్ళారా చూసిన మార్పు. ఈ రెండో వాక్యమే చాలామంది రాయలేకపోతారు. దానికి బదులు "వారి విశాల హృదయానికి", "వారి సేవాతత్పరతకు" అని రాసేస్తారు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి కాబట్టి ఎవరికీ తగలవు.

మార్పు ఎలా దొరుకుతుంది? వారం రోజులు చూడండి. నీళ్ళ మెషిను పెట్టారంటే, మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ నిలబడండి. అంతకుముందు పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా పదకొండింటికే ఖాళీ అయ్యేదనీ, ఇప్పుడు భోజనం తర్వాత కూడా నింపుకుంటున్నారనీ కనిపిస్తుంది. అదే మీ వాక్యం. బెంచీలొచ్చాయంటే ఆరో తరగతి పిల్లల నోటుపుస్తకాలు పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టండి. నేల మీద వంగి రాసిన అక్షరాలకూ బల్ల మీద రాసిన అక్షరాలకూ తేడా ఉంటే చెప్పండి, లేకపోతే చెప్పకండి.

ఇక్కడ ఒక హద్దు ఉంది. బెంచీలొచ్చాక మార్కులు పెరిగాయని చెప్పొద్దు. మార్కులకు వంద కారణాలు ఉంటాయి, అది విన్న బీఈఓ నివేదికలో ఉన్న అంకెలతో పోల్చి చూస్తారు. చూసినంతే చెప్పండి.

కొన్నిసార్లు మార్పేమీ ఉండదు. కంప్యూటరు ఇచ్చారు, కరెంటు కనెక్షన్ ఇంకా రాలేదు. అప్పుడు అబద్ధం ఆడకుండా, "కంప్యూటరు గదిలో వైరింగు పని జరుగుతోంది, జూన్‌లో పిల్లలు వాడతారు" అనండి. ఈ మాట కార్యక్రమానికి ముందే ఆ దాతకు ఫోన్లో చెప్పి ఉండాలి.

## 6. తల్లిదండ్రులకు ఏమని చెప్పాలి

దాతలకు ఐదు వాక్యాలు, తల్లిదండ్రులకు "మీ సహకారానికి ధన్యవాదాలు" అనే ఒక్క వాక్యం. దాదాపు అన్ని ప్రసంగాల్లోనూ ఇదే జరుగుతుంది. దానికి తోడు "పిల్లలకు ఫోన్లివ్వకండి, టీవీ కట్టేయండి" అని ఒక చీవాటు. థ్యాంక్స్ చెప్పడానికి మైకు పట్టుకుని చీవాట్లు పెట్టడం బాగుండదు. అవి పేరెంట్స్ మీటింగులో చెప్పుకోండి.

తల్లిదండ్రులు చేసింది కూడా వస్తువుల్లాగే వివరంగా చెప్పాలి. ఎస్‌ఎంసీ సమావేశానికి కూలి మానుకుని వచ్చిన అమ్మ ఎవరు? వేరుశనక్కాయ కోతల రోజుల్లో కూడా ఆడపిల్లను బడి మాన్పించనివాళ్ళు ఎవరు? ఇటుక బట్టీ పని మీద వేరే ఊరు వెళుతూ, పిల్లను అవ్వ దగ్గర వదిలి చదువు కొనసాగించినవాళ్ళు? పేర్లు చెప్పాల్సిన పనిలేదు, పని చెబితే చాలు. వాళ్ళకు తెలుసు తమ గురించే అని. శ్రమదానంలో వచ్చినవాళ్ళ పేర్లు మాత్రం దాతల పేర్లతో సమానంగా చదవాలి.

చాలా ఇళ్ళ నుంచి వచ్చేది అవ్వా తాతలే. అమ్మ కంపెనీ షిఫ్టులో ఉంటుంది. "తల్లిదండ్రులారా" అని మొదలుపెడితే సగం మంది తమను కాదనుకుంటారు. "అమ్మలకూ నాన్నలకూ, పిల్లల్ని తీసుకొచ్చిన అవ్వలకూ తాతలకూ" అనండి.

## 7. నోటికి రాకూడని మాటలు

"పేద పిల్లలు". దాతలను కరిగించాలని ఈ మాట వాడతారు. ఆ పిల్లల అమ్మానాన్నలు ఎదురుగా మంచి బట్టలు కట్టుకుని కూర్చున్నారు, ఈ ఒక్క సాయంత్రం కోసం. "మన పిల్లలు" అంటే సరిపోతుంది. అలాగే ఒక పిల్లను స్టేజీ మీదకు పిలిచి "ఈ పాప చెప్పుల్లేకుండా వచ్చేది, ఫలానావారు కొనిచ్చారు" అని చూపించడం. మర్నాడు ఆ పాపను క్లాసులో ఏమని పిలుస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

"మీరు లేకపోతే ఈ బడి లేదు". ఇది ఒక దాతతో అంటే మిగిలినవాళ్ళతో పాటు మీ టీచర్లు కూడా చిన్నబోతారు.

"వచ్చే ఏడాది కాంపౌండు గోడ కూడా మీరే కట్టించాలి". థ్యాంక్స్ చివర ఇంకో చెయ్యి చాపితే చెప్పిన థ్యాంక్సంతా బయానా అయిపోతుంది. గోడ కావాలంటే నెల తర్వాత ఎస్టిమేటు పట్టుకుని వెళ్ళి అడగండి.

"మీకు 80జీ కింద పన్ను మినహాయింపు వస్తుంది". బెంచీలు కొని నేరుగా బడికి ఇచ్చినంత మాత్రాన అది రాదు. ఆమోదం ఉన్న సంస్థ ద్వారా వెళ్ళాలి, 2,000 రూపాయలు దాటిన నగదుకు అసలు వర్తించదు. మైకులో మాటిస్తే ఏప్రిల్‌లో రసీదు కోసం మీకే ఫోను వస్తుంది.

"ఎవరి పేరైనా మరిచిపోతే క్షమించండి". ఈ వాక్యం వినగానే ప్రతి ఒక్కరూ తన పేరు వచ్చిందా అని లెక్క చూసుకుంటారు. దీనికి బదులు ఏమనాలో కింది నమూనాలో ఉంది.

## 8. నమూనా ప్రసంగం

ఇది ఊహించుకున్న ఒక తెలుగు మాధ్యమం పంచాయతీ యూనియన్ మిడిల్ స్కూలు కోసం రాసింది. చెన్నైలో స్థిరపడిన పాత విద్యార్థులు నీళ్ళ మెషిను ఇచ్చారు. దగ్గరి ఫ్యాక్టరీ ముప్పై బెంచీలు ఇచ్చింది. ఊరి కిరాణా కొట్టు ఆయన వాళ్ళమ్మ పేరు మీద నోటుపుస్తకాలు ఇచ్చాడు. ఒక రైతు మట్టి తోలాడు, తల్లిదండ్రులు గ్రౌండు చదును చేశారు. చుక్కలున్నచోట మీ పేర్లు పెట్టుకోండి.

> ఎల్లోరుక్కుం వణక్కం. అందరికీ నమస్కారం.
>
> అమ్మలకూ నాన్నలకూ, పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన అవ్వలకూ తాతలకూ, మన బడికి సాయం చేసిన అందరికీ నాలుగు మాటలు చెప్పాలని నిలబడ్డాను. లోపల పిల్లలు డ్రెస్ మార్చుకుంటున్నారు. వాళ్ళు వచ్చేలోపు ముగిస్తాను.
>
> పొద్దున్నే గేటు దాటగానే మన పిల్లలు ముందు గ్రౌండులో కాలు పెడతారు. పోయిన వానాకాలంలో అక్కడ మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి, మీకందరికీ తెలుసు. ...... గారు నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించారు. ఆ మట్టిని రెండు ఆదివారాలు పార పట్టి చదును చేసింది ఈ ఎదురుగా కూర్చున్నవాళ్ళే. ...... గారు, ...... గారు, ...... గారు, ...... గారు. ఆ తర్వాత పడిన వానకు మేం ప్రార్థన ఒక్కరోజు కూడా ఆపలేదు.
>
> గ్రౌండు దాటి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గదుల్లోకి వెళితే ముప్పై కొత్త బెంచీలు ఉన్నాయి. ...... కంపెనీవారు ఇచ్చారు. ఇక్కడికి వచ్చిన ...... గారికి ఒక మాట తమిళంలో చెబుతాను. ఉంగళుక్కు ఎంగళ్ మనమార్ంద నండ్రి. ఇదివరకు మధ్యాహ్నం మూడు దాటితే పిల్లలు నేల మీద కూర్చోలేక గోడకు ఆనుకునేవాళ్ళు. ఇప్పుడు చివరి పీరియడ్‌లో కూడా నిటారుగా కూర్చుంటున్నారు. టీచర్లకు కొంచెం ఆశ్చర్యంగానే ఉంది.
>
> బెంచీల మీద నోటుపుస్తకాలు. అట్ట మీద ...... అమ్మగారి పేరు ఉంటుంది. ఆమె ఈ బడి గడప తొక్కి చదువుకోలేదు. వాళ్ళబ్బాయి ...... గారు ఆమె పేరు మీద ప్రతి పిల్లకూ ఆరేసి పుస్తకాలిచ్చారు. జూన్ మొదటి రోజున పుస్తకం లేని పిల్ల ఒక్కరు కూడా లేరు.
>
> మధ్యాహ్నం భోజనం దగ్గరికి వస్తే మంచినీళ్ళు. మన పాత విద్యార్థులు, 1998 బ్యాచ్‌వాళ్ళు, చెన్నై నుంచి వచ్చి మెషిను పెట్టించారు. ...... గారు, ...... గారు, పేరు చెప్పొద్దన్న ఇంకొకరు. ముందు పిల్లల సీసాలు పదకొండింటికే ఖాళీ అయ్యేవి. ఇప్పుడు ఇంటికి వెళుతూ కూడా నింపుకుంటున్నారు. కొందరు ఇంట్లోవాళ్ళ కోసం కూడా. నేను చూసీ చూడనట్టు ఉన్నాను.
>
> డబ్బుగా వచ్చినదానికీ ఖర్చయినదానికీ బిల్లులన్నీ ఆఫీసు గదిలో ఫైలులో ఉన్నాయి. మిగిలింది ఎస్‌ఎంసీ ఖాతాలో ఉంది. ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు.
>
> ఇప్పుడు అమ్మానాన్నలకు. కోతల రోజుల్లో చేతికింద మనిషి లేక ఎంత ఇబ్బందో నాకు తెలుసు. ఆ నెలలో కూడా మీరు ఆడపిల్లల్ని బడి మాన్పించలేదు. మా అటెండెన్స్ రిజిస్టరు సాక్ష్యం. ఎస్‌ఎంసీ సమావేశాలకు ఒకపూట కూలి వదులుకుని వచ్చారు. ఆ పూటకు ఖరీదు కట్టే రసీదు మా దగ్గర లేదు. మా టీచర్లందరి తరఫున మీకు నమస్కారం చేస్తున్నాను.
>
> సాయం చేసినవాళ్ళ పేర్లన్నీ గేటు పక్కన నోటీసు బోర్డు మీద ఉన్నాయి. పక్కనే పెన్ను కట్టాం. చేర్చాల్సిన పేరు ఎవరికి తెలిసినా రాసి వెళ్ళండి, సోమవారం ప్రార్థనలో పిల్లల ముందు చదువుతాను.
>
> పిల్లలు రెడీ అయినట్టున్నారు. మూడో తరగతి డాన్సు చూద్దాం.

చివర ఏమీ లేకుండా డాన్సుకు వదిలేశాను, గమనించండి. పద్యంతోనో సూక్తితోనో ముగించాలని చాలామందికి ఉంటుంది. లోపల్నుంచి పాట మొదలయ్యాక ఆ సూక్తి ఎవరికీ వినపడదు.

గ్రౌండు పని చేసినవాళ్ళు నలుగురు కాకుండా నలభై మంది ఉంటే అందరి పేర్లూ చదవడం కుదరదు. అప్పుడు వాళ్ళను కూర్చున్నచోటే లేచి నిలబడమనండి, అందరూ చప్పట్లు కొడతారు. పేర్లు బోర్డు మీద ఉంటాయి. కొందరి పేర్లు చదివి "మరికొందరు" అనడం మాత్రం వద్దు.

## 9. మైకు దగ్గర

రాసింది యథాతథంగా చదివితే నివేదికలా ఉంటుంది, అసలు చూడకపోతే పేరు జారుతుంది. పేర్లు మాత్రం గట్టి అట్ట మీద పెద్ద అక్షరాల్లో రాసుకోండి, మిగిలింది నోటితో చెప్పండి. సెల్‌ఫోనులో చూసి చదవొద్దు. స్టేజీ లైట్ల వెలుగుకు తెర కనపడదు, సరిగ్గా అప్పుడే ఎవరో ఫోను చేస్తారు.

పేరు చదివాక ఆ మనిషి వైపు చూసి రెండు క్షణాలు ఆగండి. చప్పట్లకు అంత సమయం కావాలి. శాలువాలు ఈ ప్రసంగం మధ్యలో కప్పొద్దు. ఒక్కోదానికి ఫొటోతో కలిపి నిమిషం పోతుంది, ఐదు నిమిషాలు పదిహేనవుతాయి. అతిథుల సత్కారంతో పాటు ముందే ముగించేయండి.

తేడా జరిగితే ఇలా సర్దుకోండి.

- పేరు తప్పు పలికారు: వెంటనే ఆగి సరిగా ఇంకోసారి పలకండి. సంజాయిషీ అక్కర్లేదు.
- ఒక దాతను వదిలేశారని కూర్చున్నాక తెలిసింది: తర్వాతి డాన్సు అయ్యాక యాంకర్‌తో కాకుండా మీరే లేచి, పేరు, వస్తువు, మార్పు, అవే రెండు వాక్యాలు చెప్పండి.
- కరెంటు పోయింది: మైకు లేకుండా పేర్లు చదవకండి, వెనకవాళ్ళకు వినపడవు. జనరేటరు వచ్చేదాకా ఆగండి, లేదా ఒక అంశం వెనక్కి జరపండి.
- దాత రాలేదు: పేరు మామూలుగానే చదవండి. "రాలేకపోయారు" అని చెప్పొద్దు.
- ఎవరో లేచి "నేనిచ్చింది చెప్పలేదే" అన్నారు: వాదించకండి. "ఇప్పుడే చెబుతున్నాను" అని అక్కడికక్కడే చెప్పేయండి.

ముందు రోజు సాయంత్రం ఖాళీ స్టేజీ మీద ఒకసారి గట్టిగా చదవండి. మీ టీచర్లలో తమిళం బాగా వచ్చినవారిని ఒకరినీ, ఊళ్ళో అందరి పేర్లూ తెలిసిన వంటామెనూ ముందు కూర్చోబెట్టుకోండి. వాళ్ళిద్దరూ పట్టుకునే తప్పులు మీరు వంద సార్లు చదివినా పట్టుకోలేరు.

స్టేజీ ఎక్కే ముందు చూసుకోవాల్సినవి:

- పేర్ల అట్ట, దాని నకలు యాంకర్ దగ్గర
- ప్రతి పేరు పక్కనా గారు
- రూపాయల అంకెలు ఎక్కడా లేవు
- ఇచ్చిన వస్తువులన్నీ ఈరోజు పనిచేస్తున్నాయి
- నోటీసు బోర్డు మీద జాబితా, దారంతో కట్టిన పెన్ను
- వాచీ కనపడేలా

## 10. మర్నాడు

సోమవారం ప్రార్థనలో బోర్డు మీద చేరిన పేర్లు చదవండి. స్టేజీ మీద మాటిచ్చారు కాబట్టి పిల్లలు ఎదురుచూస్తారు, ఇంటికి వెళ్ళి చెబుతారు కూడా.

దాతలకు వారంలోగా ఉత్తరం పంపండి. ప్రసంగంలో వాళ్ళ గురించి చెప్పిన రెండు వాక్యాలే అందులో రాయొచ్చు, కొత్తగా ఏమీ అక్కర్లేదు. వస్తువైతే స్టాక్ రిజిస్టరులో ఏ పేజీలో ఎక్కించారో రాయండి, డబ్బైతే రసీదు జతచేయండి. వస్తువు ఫొటో పంపండి. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు పంపే ముందు వాళ్ళ అమ్మానాన్నల్ని అడగండి.

వచ్చే ఏడాది జాబితాకు ఒక నోటుపుస్తకం ఇప్పుడే తెరిచి వంటగదిలో మేకుకు వేలాడదీయించండి. మోటారు మెకానిక్కు వచ్చినా, అరటిపళ్ళు వచ్చినా, అదే రోజు అందులో పడతాయి.